డబ్బు కట్టినవారిదా, సైటు కట్టినవారిదా?

వెబ్‌సైటు చేసిపెట్టమని ఏ ఏజెన్సీని అడిగినా ముందుగా చేతికొచ్చేది రెండు పేజీల కొటేషన్. ఎన్ని పేజీలు, ఎన్ని రోజులు, జీఎస్టీ ఎంత, అడ్వాన్సు ఎంత అన్నీ అందులో ఉంటాయి. చివర్లో ఒక తాయిలం కూడా ఉంటుంది: ‘డొమైన్, హోస్టింగ్ మొదటి ఏడాది ఉచితం’. మామూలు డొమైన్‌కు ఏడాదికయ్యే ఖర్చు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. అది కలిసొచ్చిందన్న సంతోషంలో, ఆ డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి ఈమెయిల్‌తో కొంటారని అడగడం చాలామందికి తట్టదు. తర్వాత వచ్చే గొడవల్లో సగం ఆ ఒక్క లైనులోంచి పుట్టినవే.

మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణం ఉందనుకుందాం. యజమాని విజయవాడ ఏజెన్సీతో లక్షా ఇరవై వేలకు మాట్లాడుకుని ఆన్‌లైన్ అమ్మకాల సైటు చేయించుకున్నారు. సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది, అమ్మకాలకు వూకామర్స్, చెల్లింపులకు రేజర్‌పే. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. మూడో ఏడు ఏజెన్సీ వార్షిక నిర్వహణ రుసుమును పదిహేను వేల నుంచి నలభై వేలకు పెంచింది. యజమాని వేరే డెవలపర్‌ను చూసుకుని, ‘మా సైటు మాకిచ్చేయండి’ అని అడిగారు. ‘ఏది ఇమ్మంటారు సార్?’ అన్నారు అవతలివాళ్లు. వెటకారంగా అన్నా అది న్యాయమైన ప్రశ్నే. సైటు అంటే ఒక్క వస్తువు కాదు. పేరు, కోడు, బొమ్మలూ రాతలూ, ఖాతాలు అన్నీ కలిస్తేనే సైటు. వీటిలో ఒక్కోదానికి యజమాని ఎవరో తేల్చే నియమం ఒక్కో రకంగా ఉంటుంది.

ముందు పేరు సంగతి. డొమైన్‌ను ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకు నమోదు చేయించుకుని, గడువు తీరకముందే రెన్యూ చేయించుకుంటూ ఉండాలి. ప్రపంచవ్యాప్తంగా డొమైన్ వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ ఐకాన్. డాట్ ఇన్ పేర్లను మన దేశంలో నిక్సీ చూస్తుంది. నమోదు చేసే కంపెనీ రిజిస్ట్రార్ అయితే, ఎవరి పేరు మీద నమోదైందో వారు రిజిస్ట్రెంట్. డొమైన్ మీద హక్కు ఈ రిజిస్ట్రెంట్‌దే. డబ్బు ఎవరి కార్డులోంచి పోయిందనే దాన్ని రిజిస్ట్రార్ పట్టించుకోదు. ఏజెన్సీ తన ఖాతాలోంచి తన పేరుతో కొంటే, దుకాణం బోర్డు మీద, సంచుల మీద, విజిటింగ్ కార్డు మీద అచ్చైన ఆ చిరునామా కాగితం మీద ఏజెన్సీది.

ఇది తెలుసుకోవాలంటే lookup.icann.org కి వెళ్లి డొమైన్ పేరు కొట్టాలి. వచ్చే వివరాల్లో చూడాల్సినవి ఇవి:

```
Registrar: ...
Registry Expiry Date: ...
Domain Status: clientTransferProhibited
Name Server: ...
```

మొదటి లైను ఏ కంపెనీ దగ్గర నమోదైందో, రెండోది గడువెప్పుడో చెబుతుంది. మూడో లైను చూసి కంగారు పడనక్కర్లేదు. ఎవరూ దొంగతనంగా తరలించకుండా రిజిస్ట్రార్ వేసే మామూలు తాళం అది. రిజిస్ట్రెంట్ పేరు మాత్రం చాలాసార్లు కనిపించదు. 2018లో యూరప్ గోప్యతా చట్టం అమల్లోకి వచ్చాక ఆ వివరాలను బయటికి చూపకుండా దాచడం రివాజైంది. కాబట్టి ‘డొమైన్ మీ పేరు మీదే ఉంది సార్’ అన్న మాటను బయటినుంచి నిర్ధారించుకోలేం. రిజిస్ట్రార్ ఖాతాలోకి లాగిన్ అయి, రిజిస్ట్రెంట్ పేరు, సంస్థ, ఈమెయిల్, ఫోను నంబరు కళ్లారా చూడాలి. ఆ లాగిన్ ఏజెన్సీ దగ్గరే ఉంటే, పేరు ఎవరిదైనా పగ్గాలు ఏజెన్సీ చేతిలో ఉన్నట్టే.

ఇక్కడ జాగ్రత్తపరులు కూడా బోల్తా పడే చోటొకటుంది. రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. దుకాణం డొమైన్‌తోనే నడిచే మెయిల్ ఇచ్చారనుకోండి. డొమైన్ గడువు దాటి ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది. రెన్యువల్ హెచ్చరికా రాదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రాదు. యజమాని సొంత జీమెయిల్ ఇవ్వడమే మేలు. ఓటీపీ వెళ్లే ఫోను కూడా యజమానిదే అయి ఉండాలి, రేపోమాపో ఉద్యోగం మారే అకౌంటెంట్‌ది కాదు.

గడువు మరిచిపోవడం చిన్నవాళ్లకే జరుగుతుందనుకోకండి. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన passport.com పేరును రెన్యూ చేయించడం మరిచిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే ఆధారపడి ఉండటంతో చాలామంది మెయిల్ తెరవలేకపోయారు. చివరికి మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్ సొంతంగా 35 డాలర్లు కట్టి దాన్ని గట్టెక్కించాడు. డాట్ కామ్ లాంటి పేర్లకు గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు ధరకు రెన్యూ చేసే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు విమోచన కాలం. అందులో వెనక్కి తెచ్చుకోవాలంటే భారీగా జరిమానా కట్టాలి. అదీ దాటితే అయిదు రోజుల్లో పేరు తుడిచిపెట్టుకుపోయి ఎవరైనా కొనుక్కోవచ్చు. చాలా రిజిస్ట్రార్లు అంతదాకా కూడా ఆగవు, మధ్యలోనే వేలం వేస్తాయి.

డొమైన్ విషయంలో బేరాలకు తావివ్వకూడదు. మొదటి రోజే యజమాని సొంత ఖాతా తెరిచి, సొంత కార్డుతో కొని, ఏజెన్సీకి అవసరమైన మేరకు ప్రవేశం ఇస్తే సరిపోతుంది. చాలా రిజిస్ట్రార్ల దగ్గర పాస్‌వర్డ్ చెప్పకుండానే ఇంకొకరికి పరిమిత అనుమతి ఇచ్చే సదుపాయం ఉంది.

కోడు దగ్గరికొస్తే కథ మారుతుంది. లక్షా ఇరవై వేలు కట్టాం కాబట్టి కోడు మాదే అని దుకాణదారు అనుకోవడం సహజం. చట్టం మాత్రం అలా అనదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి యజమాని దాన్ని రాసినవారే. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమాన్యానిది. కానీ ఏజెన్సీ దుకాణానికి ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మీద పనిచేసే బయటి సంస్థ. కాబట్టి వేరే ఒప్పందం రాసుకోకపోతే కోడు మీద కాపీరైటు ఏజెన్సీ దగ్గరే ఉంటుంది.

ఆ హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. ఏ రచనను, ఏయే హక్కులను ఇస్తున్నారో అందులో చెప్పాలి. సామాన్యులు కనిపెట్టలేని మెలికలు కూడా ఇదే సెక్షన్‌లో ఉన్నాయి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లే అని చట్టం భావిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని భావిస్తుంది. ‘కోడు క్లయింటుకు చెందుతుంది’ అని ఒక్క ముక్క రాసుకుని ఊరుకుంటే, ఆరో ఏట ఆ హక్కు తిరిగి ఏజెన్సీకి పోయిందని వాదించే అవకాశం ఇచ్చినట్టే. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న బంధువులు అక్కడ చీరలమ్మడానికి అదే కోడు వాడుకోవాలన్నా చిక్కే. ఇంకొకటి: హక్కు పుచ్చుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వినియోగించుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు, అది రద్దయిపోతుంది. సైటుతో పాటు రాయించుకుని అటకెక్కించిన మొబైల్ యాప్‌కు ఇది నేరుగా తగులుతుంది.

అందుకే ఒప్పందంలో ఉండాల్సిన వాక్యం ఇలాంటిది: ఈ సైటు కోసం ప్రత్యేకంగా రాసిన కోడు, చేసిన డిజైన్ల మీద కాపీరైటు మొత్తాన్ని, ప్రపంచమంతటికీ, కాపీరైటు ఉన్నంతకాలం, ఏడాది నియమం వర్తించకుండా, పూర్తి సొమ్ము ముట్టిన వెంటనే క్లయింటుకు బదిలీ చేస్తున్నాం. ‘పూర్తి సొమ్ము ముట్టిన వెంటనే’ అన్న షరతు ఏజెన్సీ వైపు న్యాయం. పని చేయించుకుని చివరి వాయిదా ఎగ్గొట్టే క్లయింట్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

రాతలో లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఒక కేసు తేల్చింది. అసెట్ మార్కెటింగ్ సిస్టమ్స్ అనే కంపెనీకి కెవిన్ గాన్యన్ అనే వ్యక్తి 1999 నుంచి 2003 దాకా కాంట్రాక్టు మీద కంప్యూటర్ పనులు చేసి, ఆరు ప్రోగ్రాములు రాశాడు. కంపెనీ అతనికి మొత్తం 20 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది. కాంట్రాక్టు ఆగిపోయాక, నా ప్రోగ్రాములు వాడొద్దని అతను అడ్డుపడ్డాడు. 2008లో అప్పీళ్ల కోర్టు, కాపీరైటు గాన్యన్ దగ్గరే ఉన్నా, డబ్బిచ్చి రాయించుకున్న కంపెనీకి వాటిని వాడుకునే, మార్చుకునే అనుమతి చెప్పకనే చెప్పినట్టయిందని తీర్పిచ్చింది. అంటే వాడుకోవడానికి దక్కింది గానీ సొంతం కాలేదు, ఆపాటిదానికి కూడా కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మన చట్టం లైసెన్సు కూడా రాతపూర్వకంగానే ఉండాలంటోంది కనుక ఆ కేసు మనకూ ధీమా అని అనుకోవడానికి లేదు.

అలాగని మొత్తం కోడంతా రాసిమ్మని పట్టుబట్టడమూ అమాయకత్వమే. మన చీరల సైటులో ఎక్కువ భాగం ఏజెన్సీ రాసింది కాదు. వర్డ్‌ప్రెస్, వూకామర్స్ జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్. వాటిని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, సొంతం చేసుకోలేం. అమ్ముడయ్యే థీములు, ప్లగిన్ల లైసెన్సులు మూడో కంపెనీలవి. ఏజెన్సీ అన్ని సైట్లలోనూ వాడే సొంత కోడు కొంత ఉంటుంది. దాన్ని దుకాణానికి రాసిస్తే ఏజెన్సీ మర్నాటి నుంచి వేరే పని చేసుకోలేదు. కాబట్టి ప్రత్యేకంగా రాసిన భాగానికి బదిలీ, ఏజెన్సీ పాత కోడుకు ఎప్పటికీ రద్దు కాని వాడుక లైసెన్సు, మిగతావాటికి ఎవరి లైసెన్సు వారిదే అన్న పద్ధతి ఇద్దరికీ సమంజసం. ఒక మాట అడిగి తీరాలి: ఈ కోడు రాసింది మీ ఉద్యోగులా, బయటి ఫ్రీలాన్సరా? ఫ్రీలాన్సర్ అయితే మొదటి యజమాని అతనే. అతని దగ్గర ఏజెన్సీ రాయించుకోకపోతే, తనది కాని హక్కును దుకాణానికి ఎలా ఇస్తుంది?

ఫొటోల విషయంలో చట్టం తలకిందులుగా ఉంటుంది. డబ్బిచ్చి, ఫలానా ఫొటో తీయమని ఎవరు చెబితే వారే, ఎదురు ఒప్పందం లేనంతవరకు, దానికి మొదటి యజమాని అని అదే 17వ సెక్షన్ చెబుతోంది. వీడియోలకూ ఇంతే. దుకాణం నేరుగా ఫొటోగ్రాఫర్‌ను పిలిచి మోడల్‌కు చీర కట్టించి తీయించుకుంటే ఆ ఫొటోలు దుకాణానివి. అదే ఫొటోగ్రాఫర్‌ను ఏజెన్సీ మాట్లాడి ప్యాకేజీలో కలిపేస్తే, తీయించినవారు ఏజెన్సీ అవుతుంది. చీర ఒకటే, కెమెరా ఒకటే, బిల్లు ఎవరి పేర వచ్చిందన్న దాన్ని బట్టి హక్కు మారిపోతుంది. చీరల వర్ణనలు, ‘మా గురించి’ పేజీ లాంటి రాతలకు మాత్రం కోడుకున్న నియమమే.

ఇంటర్నెట్‌లోంచి ఎత్తుకొచ్చిన బొమ్మలు మరో తలనొప్పి. స్టాక్ ఫొటోలు అమ్మే కంపెనీలు అనుమతి లేకుండా వాడిన సైట్లను వెతికి పట్టుకుని నోటీసులు పంపుతుంటాయి. ఆ నోటీసు సైటు నడుపుతున్న దుకాణానికే వస్తుంది. ఏ బొమ్మ ఎక్కడిదో, లైసెన్సు ఎవరి పేర ఉందో ఏజెన్సీ చేత ఒక జాబితా రాయించుకోవడం పది నిమిషాల పని.

ఖాతాల విషయంలో చట్టం కన్నా లాగిన్‌దే పైచేయి. అమెరికాలో ఫోన్‌డాగ్ అనే కంపెనీకి రాసే నోవా క్రావిట్జ్‌కు ట్విటర్‌లో సుమారు 17 వేల మంది అనుచరులుండేవారు. అతను కంపెనీ పేరు కలిసిన ఖాతాను ఉద్యోగం వదిలాక తన పేరుకు మార్చుకుని వాడుకున్నాడు. కంపెనీ ఒక్కో అనుచరుడికి నెలకు రెండున్నర డాలర్ల లెక్కన దావా వేసింది. కోర్టు తేల్చకముందే 2012లో ఇద్దరూ రాజీపడ్డారు, ఖాతా అతని దగ్గరే ఉంది. మొదట్లో ఒక్క వాక్యం రాసుకుని ఉంటే వకీళ్ల పని పడేది కాదు.

చీరల దుకాణానికి సంబంధించి గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్ అన్నిటికన్నా విలువైనది. అన్నేళ్ల రివ్యూలూ దానిలోనే ఉంటాయి. ప్రధాన ఓనరు ఏజెన్సీ మెయిల్ అయితే యజమానిని ఓనరుగా చేర్చమని, ఏడు రోజులు ఆగి ప్రధాన ఓనరుగా మార్చమని అడగాలి. కొత్తగా చేరినవారికి ఆ హోదా ఇవ్వాలంటే వారం ఆగాలన్నది గూగుల్ నియమం. సైటు అప్పగింత రోజే ఇది మొదలుపెడితే వారం ఆలస్యమవుతుందని ముందే తెలిసి ఉండాలి. ఎనలిటిక్స్, సెర్చ్ కన్సోల్, ఫేస్‌బుక్ ప్రకటనల ఖాతా కూడా మొదటినుంచీ దుకాణం మెయిల్‌తో తెరిచి ఏజెన్సీని అడ్మిన్‌గా చేర్చడమే సరైన వరస. ఏజెన్సీ ఖాతాలో తెరిచాక చరిత్రంతా వదిలేసి కొత్తది తెరుచుకోవాల్సి రావచ్చు. రేజర్‌పే ఖాతా కేవైసీ, బ్యాంకు ఖాతా ఆధారంగా తెరుస్తారు కాబట్టి అది సాధారణంగా దుకాణం పేరునే ఉంటుంది. కానీ దాని రహస్య కీ సైటులో పెట్టినవారు ఏజెన్సీ వాళ్లే.

అప్పగింతంటే చాలామంది దృష్టిలో పాస్‌వర్డులు రాసిన ఒక వాట్సాప్ మెసేజ్. దానికన్నా గట్టి పరీక్ష ఒకటుంది: ఏజెన్సీ సాయం లేకుండా, కొత్త డెవలపర్ ఈ సైటును ఇంకో హోస్టింగ్ మీద నడిపించగలడా? ఇందుకు సైటు ఫైళ్లు, డేటాబేస్ రెండూ కావాలి. ఫైళ్లలో థీమ్, ఫొటోలు ఉంటే, ఉత్పత్తుల వివరాలు, ఆర్డర్లు, కస్టమర్ల చిరునామాలు డేటాబేస్‌లో ఉంటాయి. ఒకటి మాత్రమే ఇస్తే సగం సైటే వచ్చినట్టు. సర్వర్ దగ్గర ఇలా తీస్తారు:

```
wp db export dukanam.sql
tar -czf dukanam.tar.gz public_html
```

మొదటిది సైటు ఫోల్డర్‌లో ఉండగా, రెండోది దానికి పై ఫోల్డర్ నుంచి కొడతారు. కొత్త డెవలపర్ ఈ రెండిటినీ తాత్కాలిక చిరునామాలో ఎక్కించి చూడాలి. చీరల ఫొటోలు కొన్ని మాయమైతే అవి ఏజెన్సీ సర్వర్ నుంచి వస్తున్నాయన్నమాట. డ్యాష్‌బోర్డులో లైసెన్సు కీ పనిచేయడం లేదని ప్లగిన్లు మొత్తుకుంటే, అవి ఏజెన్సీ తన పేర కొన్నవి. సైటు ఆగిపోదు గానీ అప్‌డేట్లు ఆగుతాయి, ఏడాది తిరక్కుండా భద్రతా లోపాలు పోగవుతాయి. టెస్ట్ మోడ్ కీలతో ఒక ఆర్డరు వేసి, అది డ్యాష్‌బోర్డులో పడిందా, కస్టమర్‌కు మెయిల్ వెళ్లిందా చూడాలి. ఇదంతా అయ్యాకే చివరి ఇరవై శాతం, అంటే ఇరవై నాలుగు వేలు, ఇస్తామని ఒప్పందంలో రాసుకున్న దుకాణానికి బతిమాలే అవసరం రాదు.

డీఎన్‌ఎస్ రికార్డుల కాపీ కూడా అప్పుడే తీసుకోవాలి. హోస్టింగ్ మార్చేటప్పుడు నేమ్ సర్వర్లు మార్చేస్తారు, పాత చోట ఉన్న ఎంఎక్స్ రికార్డు ఎవరూ కొత్త చోట రాయరు. సైటు చక్కగా తెరుచుకుంటుంది, మెయిల్స్ మాత్రం రావడం మానేస్తాయి. రెండు రోజుల తర్వాత ఎవరో ఫోను చేసి ‘మెయిల్ పెట్టాను, చూశారా?’ అనేదాకా తెలియదు.

పరీక్ష పాసయ్యాక తలుపులు మూయడం మొదలుపెట్టాలి. సైటులో ఎవరెవరు అడ్మిన్లుగా మిగిలారో ఈ కమాండు చూపిస్తుంది:

```
wp user list --role=administrator
```

రెండేళ్ల కిందట ఏజెన్సీ మానేసిన కుర్రాడి పేరు కూడా ఇందులో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ పేర్లు తీసేయాలి, హోస్టింగ్, డేటాబేస్ పాస్‌వర్డులు మార్చాలి, రేజర్‌పే డ్యాష్‌బోర్డులో కొత్త కీలు తీసుకుని పాతవి ఆపేయాలి. ఏజెన్సీ దగ్గర మిగిలిన కస్టమర్ల డేటా చెరిపేశామని రాతపూర్వకంగా తీసుకోవాలి. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో ఆ డేటాకు జవాబుదారీ దుకాణమే గానీ ఏజెన్సీ కాదు.

అన్నీ చేయి దాటాక మేలుకున్నవారి సంగతేమిటి? డొమైన్ ఏజెన్సీ పేర ఉండి ఫోన్లు ఎత్తకపోతే, బిల్లులు, జీఎస్టీ పత్రాలతో రిజిస్ట్రార్‌ను అడగవచ్చు. కానీ రిజిస్ట్రెంట్ ఒప్పుకోకుండా వాళ్లు పేరు మార్చడం అరుదు. తర్వాతి మెట్టు మధ్యవర్తిత్వం: డాట్ ఇన్ అయితే నిక్సీ విధానం కింద, డాట్ కామ్ అయితే ఐకాన్ విధానం కింద. డాట్ కామ్ ఫిర్యాదు వైపో దగ్గర ఒక్క మధ్యవర్తితో వేస్తే రుసుమే 1,500 డాలర్లు. పైగా ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు హక్కు చూపాలి, అవతలివారి దురుద్దేశం రుజువు చేయాలి. ఇది కాంట్రాక్టు తగాదా, మా పరిధి కాదు అని మధ్యవర్తులు తోసిపుచ్చిన కేసులూ ఉన్నాయి. ఇక కోర్టు. సత్యం ఇన్ఫోవే కేసులో 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు వ్యాపార చిహ్నంలాగే రక్షణ ఉంటుందని తేల్చింది కాబట్టి, ఏళ్లుగా ఆ పేరుతో అమ్మకాలు చేసిన దుకాణానికి నిలబడే నేల ఉంది. ఖర్చు, కాలం వేరే మాట.

ఈలోగా కొత్త సైటు కట్టుకోవాలంటే పాత పేజీల రాతలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరకవచ్చు. ఆర్డర్ల చిట్టా, కస్టమర్ల చిరునామాలు అక్కడ ఉండవు. చెల్లింపుల వరకైతే రేజర్‌పే డ్యాష్‌బోర్డులోంచి తేదీలు, మొత్తాలు, కట్టినవారి ఫోను నంబర్లు, మెయిల్స్ దింపుకోవచ్చు. కేవైసీ దుకాణానిది కావడం వల్ల ఆ ఖాతా మీద ఏజెన్సీ పెత్తనం చెల్లదు.